ప్రాజెక్టు ఫొటోలకు పేరు, సైజు: మా పిల్లలకి నేను రాసే ఉత్తరం

ప్రశ్న: మాది కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ అండి. ఈ ఏడాది ప్రాజెక్టు రిపోర్టుతో పాటు ఫొటోలు కూడా పోర్టల్లో పెట్టాలి. ఒక్కో ఫొటో 300 కేబీ దాటకూడదు, జేపీజీ మాత్రమే తీసుకుంటుంది. పిల్లలకి అర్థమయ్యేలా ఒక ఉత్తరం రాసిమ్మన్నారు మా ప్రిన్సిపాల్ గారు. పేర్లు ఎలా పెట్టమనాలి, సైజు ఎలా తగ్గించమనాలి? ఇలాంటి ఉత్తరం రాసినవాళ్లుంటే చెప్పండి.

జవాబు:

నేను జువాలజీ చెబుతానండి. మా పిల్లల్లో ఎక్కువమంది ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు నుంచి వస్తారు. అందుకని ప్రాజెక్టులు ఇంచుమించు అన్నీ రొయ్యల చెరువుల మీదే ఉంటాయి. మీ పిల్లల సబ్జెక్టు వేరైనా ఇబ్బంది ఒకటే, కాబట్టి నా ఉత్తరంలో ఉన్నదే చెబుతాను.

ముందు సైజు సంగతి. "300 కేబీ లోపు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే పిల్లలు ఏం చేస్తారో చాలాసార్లు చూశాను. ఫొటోలు చిన్నవి చేసే యాప్ ఏదో దింపుకుని, 300 అని కొట్టి, వచ్చినదాన్ని పెట్టేస్తారు. పోర్టల్ కూడా తీసేసుకుంటుంది. తీరా వైవా రోజు తెల్లమచ్చ జబ్బు పట్టిన రొయ్య ఫొటో తెరిచి "తెల్లమచ్చ ఎక్కడుందమ్మా?" అని అడిగితే, "ఫోన్లో కనిపించింది మేడమ్, ఇక్కడ కనిపించట్లేదు" అంటారు. ఆ పిల్ల చెప్పేది నిజమే. ఫోన్లో ఉంది, పోర్టల్లో లేదు. మధ్యలో ఎక్కడ పోయిందో చెప్పడానికే నా ఉత్తరంలో సగం సరిపోతుంది. ఆ భాగం ఇదిగో:

"మీ ఫోన్ తీసే ఫొటో మామూలుగా 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉంటుంది. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రే మొత్తం పడేలా గట్టు మీద నిలబడి తీశారనుకోండి. ఫొటోలో అటు చివరి నుంచి ఇటు చివరికి ఒక మీటరు మేర పడుతుంది. మీటరంటే 1000 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో మిల్లీమీటరుకి 4 పిక్సెళ్లు వచ్చాయి. రొయ్య తల పెంకు మీద తెల్లమచ్చ ఒక మిల్లీమీటరు ఉంటే దానికి దక్కేది ఆ నాలుగే. ఇప్పుడు పోర్టల్ కోసం ఫొటోని 1200 పిక్సెళ్ల వెడల్పుకి కుదిస్తే మిల్లీమీటరుకి ఒక పిక్సెల్ చిల్లర మిగులుతుంది. మచ్చ ఒక చుక్క అయిపోతుంది. జేపీజీ ఫొటోని 8కి 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి ఆ ఒక్క చుక్క పక్కవాటిలో కలిసిపోతుంది.

అదే, ట్రేలోంచి ఒక రొయ్యని తీసి, తడి గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి దగ్గరగా తీయండి. కిలోకి 50 తూగే వనామి రొయ్య స్కేలుతో సహా 20 సెంటీమీటర్ల మేరలో పట్టేస్తుంది. ఇప్పుడు మిల్లీమీటరుకి 20 పిక్సెళ్లు. 1200కి కుదించినా ఆరు మిగులుతాయి. మచ్చ గుండ్రంగా ఉందా, అంచు తేలిందా అన్నది చూసేవాళ్లకి తెలుస్తుంది. రెండు ఫొటోలూ 300 కేబీలోనే ఉంటాయి. తేడా అంతా తీసేటప్పుడు ఎంత మేర పట్టారన్న దాంట్లోనే ఉంది."

ఈ లెక్క పిల్లల చేత ఒకసారి బోర్డు మీద చేయిస్తాను. దాని తర్వాత దూరం నుంచి తీసి తెచ్చేవాళ్లు బాగా తగ్గిపోతారు. సరే, అప్పటికే దూరం నుంచి తీసేశారు, పంట పట్టేశారు, మళ్లీ తీయడానికి రొయ్య లేదు. అప్పుడేం చేయాలి? కుదించకుండా కత్తిరించాలి. ట్రే ఫొటోలో మచ్చలున్న రొయ్య చుట్టూ 30 సెంటీమీటర్ల మేర కత్తిరిస్తే అదే సరిగ్గా 1200 పిక్సెళ్లు అవుతుంది. కుదించే పనే లేదు, మచ్చకి మొదట ఉన్న నాలుగు పిక్సెళ్లూ అలాగే ఉంటాయి. గొప్పగా ఉండదు కానీ కనిపిస్తుంది.

అందుకే ఉత్తరంలో వరస గట్టిగా రాస్తాను: ముందు కత్తిరించండి, తర్వాత పెద్ద వైపు 1200 పిక్సెళ్లకి తెండి, ఆ తర్వాతే క్వాలిటీ 80 దగ్గర పెట్టి సేవ్ చేయండి. కేబీ అడిగే యాప్‌లు చాలావరకు పిక్సెళ్లు అలాగే ఉంచి క్వాలిటీని పాతాళానికి దించుతాయి. నీళ్ల మీద, ఆకుల మీద గళ్లుగళ్లుగా కనిపిస్తే అదే జరిగిందని గుర్తు. ఇంకొకటి, ఒకే కొలతలో ఉన్నా అన్ని ఫొటోలూ ఒకే బరువు ఉండవు. ఏరేటర్లు తిరుగుతున్న చెరువు, వరిచేను లాంటివి బరువెక్కుతాయి. గోడ, తెల్ల గుడ్డ తేలిగ్గా ఉంటాయి. చెరువు ఫొటో 300 దాటితే క్వాలిటీ 70కి తగ్గించమంటాను. అప్పటికీ దాటితే 1000 పిక్సెళ్లకి తెమ్మంటాను. చెరువు మొత్తం చూపించే ఫొటోలో మచ్చలు వెతికేవాళ్లెవరూ ఉండరు కదా.

మీ కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఫొటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం వేయించగలిగితే క్లాసు మొత్తం ఫొటోలు ఈ ఒక్క కమాండ్‌తో అయిపోతాయి. `out` అని ఖాళీ ఫోల్డర్ ముందే చేసుకోండి.

```
magick mogrify -path out -auto-orient -resize "1200x1200>" -strip -quality 80 *.jpg
```

ఇందులో `-path out` మాత్రం మర్చిపోవద్దు. అది లేకపోతే అసలు ఫొటోల మీదే చిన్నవి రాసేస్తుంది, పాతవి పోతాయి. `-auto-orient` అన్నది నిలువుగా తీసిన ఫొటో పోర్టల్లో అడ్డంగా పడుకోకుండా ఉండటానికి. ఫోన్ ఫొటోని నిజంగా తిప్పదు, "దీన్ని తిప్పి చూపించు" అని లోపల ఒక గుర్తు రాసి ఊరుకుంటుంది. కొన్ని పోర్టల్స్ ఆ గుర్తుని చూడవు. ఈ కమాండ్ ఫొటోని నిజంగానే తిప్పుతుంది. `-strip` ఫొటో లోపల దాగిన వివరాలు తీసేస్తుంది, దాని గురించి కింద చెబుతాను.

వాట్సాప్ గురించి ఉత్తరంలో విడిగా ఒక పేరా ఉండాలండి. పిల్లలు ఫొటోలన్నీ గ్రూపులో వేసుకుని, అక్కడి నుంచి దింపుకుని పోర్టల్లో పెడతారు. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని ఒకసారి కుదించేస్తుంది, తీసిన తేదీ లాంటి లోపలి వివరాలూ పోతాయి. పేరు `IMG-20250118-WA0007.jpg` లా మారిపోతుంది. ఆ తేదీ ఫొటో తీసినది కాదు, వాట్సాప్‌లో చేతులు మారినది. సంక్రాంతికి ముందు తీసిన ఫొటోకి పండగ వెళ్లాక తేదీ పడితే, మీ చెరువు డైరీకీ ఫొటోకీ పొంతన కుదరదు. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి అని రాస్తాను. అలా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఇక పేర్లు. నేను ఇచ్చే నమూనా ఇది:

```
z014_20250118_p2_shrimp_03.jpg
```

రోల్ నంబరు, ఫొటో తీసిన తేదీ, చెరువు గుర్తు, ఫొటోలో ఏముందో ఒక్క మాట, వరస సంఖ్య. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా అండర్‌స్కోర్. తేదీలో ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అలా రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలం వరసలో నిలబడతాయి. మనకి అలవాటైనట్టు రోజు ముందు రాస్తే ఫిబ్రవరి 3 వెళ్లి జనవరి 18 కంటే ముందు కూర్చుంటుంది.

`3` కాకుండా `03` ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే వాళ్ల విండోస్ కంప్యూటర్లో 1, 2, 10 సరిగ్గానే కనిపిస్తాయి. విండోస్ అంకెల్ని అంకెలుగా చూసి సర్దుతుంది. పోర్టల్స్ చాలావరకు అక్షరాలుగా చూస్తాయి, అప్పుడు 1 తర్వాత 10 వచ్చి, 2 ఎక్కడో కిందికి పోతుంది. మేత వేసిన ఫొటో తర్వాత రావలసిన చెక్ ట్రే ఫొటో పంట పట్టిన తర్వాత వస్తే చూసేవాళ్లకి ఏమీ అర్థం కాదు.

తెలుగులో పేరు పెడితే ఏమవుతుంది మేడమ్ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఫోన్లో ఏమీ కాదు. కానీ ఆ పేరు వెబ్ లింకులోకి వెళ్లినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. "చెరువు" అన్న మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులున్నాయి, లింకులో అవి 54 అక్షరాలు. కొన్ని పోర్టల్స్ పేరు పొడవుకి హద్దు పెడతాయి, కొన్ని అసలు తీసుకోవు. తెలుగు పేరు ఫొటో కింద శీర్షికలో చక్కగా రాయండి, ఫైలుకి మాత్రం వద్దు అని చెబుతాను.

పేరు చివర కూడా ఒక కన్నేయాలి. విండోస్‌లో చివరి `.jpg` దాగి ఉంటుంది. అది తెలియక మళ్లీ కొడితే `.jpg.jpg` అవుతుంది. ఐఫోన్ ఉన్న పిల్లల ఫొటోలు `.heic`గా వస్తాయి. చివర్లో `.jpg` అని మార్చినంత మాత్రాన లోపల జేపీజీ కాదు, పోర్టల్ ఎక్కించుకున్నా బొమ్మ తెరుచుకోకపోవచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ దగ్గర `Most Compatible` పెట్టుకుని తీయమనండి.

చెరువుకి `p2` అని గుర్తెందుకు, రైతు పేరు ఎందుకు వద్దు? ఇది మాత్రం ఉత్తరంలో కింద గీత గీసి రాస్తాను. తెల్లమచ్చ ఫొటో రైతు ఇంటిపేరుతో బయటికి వెళ్లిందనుకోండి, ఊళ్లో మాట పాకుతుంది, పంట కొనేవాళ్లు రేటు కోస్తారు. మనల్ని నమ్మి చెరువులోకి దిగనిచ్చిన మనిషికి మనం చేసే పని అది కాకూడదు. ఫోన్ లొకేషన్ ఆన్‌లో ఉంటే చెరువు ఎక్కడుందో ఫొటో లోపలే రాసి ఉంటుంది, `-strip` పెట్టింది అందుకే. ఏ గుర్తు ఏ చెరువుదో చూపించే పట్టిక ఒక కాగితం మీద నా దగ్గర ఉంటుంది. అసలు ఫొటోలు, తేదీ లొకేషన్లతో సహా, మార్కులు వచ్చేదాకా పిల్లల దగ్గరే భద్రంగా ఉంచుకోమంటాను. అనుమానం వస్తే తెచ్చి చూపించడానికి పనికొస్తాయి.

ఉత్తరం చివర నేను పెట్టే పేరా ఇది, కావాలంటే ఉన్నదున్నట్టు వాడుకోండి: "ఫొటో ఎక్కించాక వెళ్లిపోవద్దు. పోర్టల్లోంచి దాన్ని మళ్లీ దింపి, మీ స్నేహితుల ఫోన్లో తెరవండి. పెద్దది చేసి చూడండి. స్కేలు మీద మిల్లీమీటరు గీతలు విడివిడిగా కనిపిస్తే ఆ ఫొటో ఉంచండి. గీతలు కలిసిపోయి బూడిదరంగు పట్టీలా కనిపిస్తే అసలు ఫొటో తీసి, ఇంకా దగ్గరగా కత్తిరించి, మళ్లీ పెట్టండి. గడువు రేపనగా కాదు, రెండు రోజుల ముందే."