కిరాణా చీటీతో ద్రవ్యోల్బణం లెక్క

కావలిలో వయోజన విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. అయిదేళ్లలో కందిపప్పు ధర 60 శాతం పెరిగితే ద్రవ్యోల్బణం కూడా 60 శాతమేనా?

కాదు. ద్రవ్యోల్బణం ఒక్క సరుకు ధరను బట్టి కాక, అదే పరిమాణంలో కొనే సరుకులన్నింటి మొత్తం ఖర్చును బట్టి తేలుతుంది. ఉదాహరణకు, ఒక ఇంటి నెల చీటీలో 25 కిలోల బియ్యం కిలో 40 రూపాయల నుంచి 52కు, 2 కిలోల కందిపప్పు కిలో 100 నుంచి 160కి, 3 లీటర్ల నూనె లీటరు 100 నుంచి 140కి పెరిగాయనుకుందాం. ఖర్చు 1,500 నుంచి 2,040 అయింది. 540ని 1,500తో భాగిస్తే పెరుగుదల 36 శాతం. ఖర్చులో సింహభాగం బియ్యానిదే కనుక, ఫలితం దాని ధరలోని 30 శాతం పెరుగుదల వైపే మొగ్గింది. ఇది అయిదేళ్ల మొత్తం. వార్తల్లో వినిపించేది సాధారణంగా ఏడాది రేటు. 36ను 5తో భాగించి 7.2 అనడం తరగతిలో తరచూ దొర్లే పొరపాటు, ఎందుకంటే ప్రతి ఏటి పెంపు అంతకు ముందే పెరిగిన ధరపై పడుతుంది. అసలు రేటు సుమారు 6.3 శాతం.

అభ్యాసం: వచ్చే ఏడాది బియ్యం మాత్రమే 56 రూపాయలైతే ఆ ఏటి ద్రవ్యోల్బణం ఎంత? (జవాబు: 100 ÷ 2,040, అంటే దాదాపు 4.9 శాతం.)