ఆఫర్ లెటర్ నమూనా చేతికొచ్చాక నేను చూసే మూడు క్లాజులు

ప్రశ్న: ఫైనల్ రౌండ్ అయ్యాక కంపెనీ వాళ్లు నమూనా ఆఫర్ లెటర్ పంపారు. జీతం బాగానే ఉంది. ప్రొబేషన్, నోటీస్, నాన్-కంపీట్ అని మూడు క్లాజులు ఉన్నాయి గానీ చదివితే అన్నీ మామూలుగానే అనిపిస్తున్నాయి. వీటిని బట్టి కంపెనీ ఎలాంటిదో చెప్పొచ్చా?

జవాబు:

చెప్పొచ్చండీ. కాకపోతే ఒక్కో క్లాజును విడిగా చదివితే ఏదీ దొరకదు. నేనైతే ఒక కాగితం మీద రెండు కథలు రాసుకుంటాను. చేరిన తొమ్మిదో నెలలో నేనే వెళ్లిపోతానంటే ఏమవుతుంది? అదే తొమ్మిదో నెలలో వాళ్లే నన్ను వెళ్లిపొమ్మంటే ఏమవుతుంది? రెండిటికీ ఎన్ని రోజులు, ఎంత డబ్బు అని లెటర్‌లోని మాటల ప్రకారమే లెక్క వేస్తాను. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎంతుందో చూస్తే కంపెనీ సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

తొమ్మిదో నెలే ఎందుకంటే, నా మొదటి ఉద్యోగం పోయింది అప్పుడే. ప్రొబేషన్ ఆరు నెలలని లెటర్‌లో ఉంది. ఆరు నెలలు నిండిన రోజున మేనేజర్ భుజం తట్టి "ఇక నువ్వు పర్మనెంటే" అన్నాడు, నేనూ నమ్మేశాను. మూడు నెలలు తిరక్కుండానే ప్రాజెక్టు మూతపడి, 15 రోజుల నోటీసు చేతిలో పెట్టారు. కన్ఫర్మ్ అయినవాళ్లకు 60 రోజులు కదా అని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా నా లెటర్ మూడో పేజీ తిప్పి, ఒక మాట కింద పెన్ను మొన ఆనించింది: "రాతపూర్వకంగా". కంపెనీ రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషన్ కొనసాగినట్టేనట. నాకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్క మాటకు పోయింది 45 రోజుల జీతం.

అందుకే ప్రొబేషన్ క్లాజులో ఎన్ని నెలలన్నది నాకు రెండో విషయం. అది ఎలా ముగుస్తుందో ముందు చూస్తాను. "గడువులోగా రాతపూర్వకంగా పొడిగిస్తే తప్ప, గడువు ముగియగానే కన్ఫర్మ్ అయినట్టే" అని ఉంటే పొడిగింపు కాగితం రాయాల్సిన పని వాళ్లది. మా లెటర్‌లో ఉన్నట్టుగా ఉంటే కన్ఫర్మేషన్ కాగితం కోసం వెంటపడాల్సిన పని మీది. పొడిగింపుకు పైహద్దు లేకపోతే ఆ ఆరు నెలలకు అర్థమే లేదు.

తర్వాత కొన్నేళ్లకు ఇంకో కంపెనీ నుంచి నమూనా లెటర్ వచ్చింది. ప్రొబేషన్ క్లాజు అచ్చం పాతదే. కన్ఫర్మ్ అయ్యాక నోటీసు ఇరువైపులా 90 రోజులు. పైకి చూస్తే సమానమే. ఆ కింది రెండు వాక్యాలే అసలు కథ. కంపెనీ నోటీసు ఇవ్వకుండా పంపేస్తే నోటీసు కాలానికి మూల వేతనం చెల్లిస్తుంది. ఉద్యోగి నోటీసు పూర్తిచేయకుండా వెళ్లిపోతే మిగిలిన రోజులకు మొత్తం జీతం లెక్కన కట్టాలి, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే.

లెక్క వేశాను. నెల జీతం 100 అనుకుంటే అందులో మూల వేతనం 40. నన్ను ఈరోజుకు ఈరోజు పంపేస్తే వాళ్లు ఇవ్వాల్సింది మూడు నలభైలు, అంటే 120. నేను ఈరోజుకు ఈరోజు వెళ్లిపోతే కట్టాల్సింది 300. అవే 90 రోజులు, రెండున్నర రెట్ల తేడా! పైగా వాళ్లు డబ్బు పడేసి వదిలించుకోవచ్చు, నేను మాత్రం డబ్బు కడతానన్నా వాళ్లు సరే అనాలి. నోటీసు క్లాజులో రోజుల సంఖ్య కంటే "మూల", "మొత్తం", "కంపెనీ ఇష్టానుసారం" అనే మాటల కోసం వెతకండి.

ఇక నాన్-కంపీట్. ఆఖరి పనిదినం నుంచి 12 నెలలు "కంపెనీ వ్యాపారాన్ని పోలిన ఏ వ్యాపారంలోనూ" పనిచేయకూడదని ఉంది. ఎక్కడ అన్నది లేదు, ఏ పని అన్నది లేదు, ఆ ఏడాదికి ఇచ్చేదీ ఏమీ లేదు. వాళ్లే తీసేసినా వర్తిస్తుందట. నా కథలో పెట్టి చూస్తే, రాజీనామా చేసిన రోజు నుంచి 90 రోజుల నోటీసు, ఆపైన 12 నెలలు. వెరసి 15 నెలలు నాకొచ్చిన పని నేను ఇంకెక్కడా చేయకూడదు.

ఇది కోర్టులో నిలుస్తుందా అంటే దేశాన్ని బట్టి. భారతదేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఉద్యోగం మానేశాక కూడా పని చేసుకోనివ్వని షరతు మామూలుగా చెల్లదు. కాలిఫోర్నియాలోనూ చెల్లదు. జర్మనీలో చెల్లాలంటే ఆ కాలానికి కనీసం సగం జీతమైనా ఇస్తామని రాసివ్వాలి, అదీ రెండేళ్లకు మించకూడదు. కాబట్టి ఏ దేశపు చట్టం వర్తిస్తుందని లెటర్‌లో రాశారో అదీ చూడండి. అయితే చెల్లదు కదా అని నేను దాన్ని దాటేయను. కోర్టుదాకా వెళ్లకుండానే అది పని చేస్తుంది. పాత కంపెనీ ఒక లీగల్ నోటీసు పంపితే చాలు, కొత్త కంపెనీ మనకెందుకీ గొడవ అని వెనక్కి తగ్గొచ్చు. రహస్య సమాచారం బయటపెట్టొద్దు, మా క్లయింట్లను లాక్కుపోవద్దు అనే షరతులు మాత్రం వేరే. వాటి మీద నాకు పేచీ లేదు.

అడిగి చూడటం కూడా పరీక్షే. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. నేను నాలుగు మార్పులు అడిగాను. మూల వేతనాన్ని మొత్తం జీతంగా మార్చడానికి వెంటనే ఒప్పుకున్నారు, పాత టెంప్లేట్‌లో అలా ఉండిపోయిందన్నారు. గడువులోగా పొడిగించకపోతే కన్ఫర్మ్ అయినట్టే అని మార్చారు. నాన్-కంపీట్‌ను 6 నెలలకు, అదీ నేను నేరుగా పనిచేసిన క్లయింట్ల వరకే కుదించి, వాళ్లే తీసేస్తే వర్తించదని చేర్చారు. 90 రోజులను 60 చేయమంటే మాత్రం కుదరదన్నారు. నాకేం అభ్యంతరం లేకపోయింది. నోటీసు పొడుగ్గా ఉండటం వేరు, ఒకవైపే పొడుగ్గా ఉండటం వేరు.

అంతకుముందు ఇంకొక చోట ఇలాగే అడిగితే "అవన్నీ ఫార్మాలిటీ అండీ, ఎవరూ అమలు చేయరు" అన్నారు. అమలు చేయనిదైతే తీసేయండి అన్నాను. లీగల్ టీమ్ ఒప్పుకోదన్నారు. అక్కడ చేరలేదు.

మీ చేతిలో ఉన్నది నమూనాయే అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. సంతకం కోసం అసలు లెటర్ వచ్చాక దాన్ని నమూనాతోనూ, వాళ్లు ఒప్పుకున్న మెయిల్‌తోనూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చుకోండి. నాకు వచ్చిన అసలు లెటర్‌లో ప్రొబేషన్, నాన్-కంపీట్ మారాయి గానీ నోటీసు పేజీలో "మూల వేతనం" అలాగే ఉంది. కావాలని చేశారనుకోను, ఆ పేజీ పాత ఫైలులోది. పేజీ నంబరు రాసి మెయిల్ పెడితే సాయంత్రానికల్లా సరిచేసి పంపారు, అప్పుడు సంతకం పెట్టాను.