ఏ ఫారమో చెప్పకుండా సాయం అడిగితే

ప్రశ్న: ఒక గవర్నమెంట్ ఫారం నింపుతున్నాను. ఇంటిపేరు గడిలో ఏం రాయాలి, ఖాళీగా వదిలేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, అర్జెంట్.

ఏ ఫారం, ఏ దేశానిది, ఏ పని మీద పెడుతున్నారు? ఈ మూడూ మిమ్మల్ని అడక్కుండా ఎవరు జవాబు చెప్పినా నమ్మకండి, వాళ్లకి ఎంత అనుభవం ఉన్నా సరే.

మాది సోంపేట దగ్గర పల్లె. మా మేనమామ కొడుకు వెల్డరు. పాస్‌పోర్ట్‌కి పెట్టేటప్పుడు మీలాగే ఇంటి వాట్సాప్ గ్రూపులో 'ఫారంలో ఇంటిపేరు ఖాళీగా వదిలేయొచ్చా' అని ఒక్క ముక్క పడేశాడు. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్న 'నాదీ ఖాళీనే రా, ఏమీ అవదు' అన్నాడు. అమెరికాలో ఉన్న మా చెల్లేమో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో రాసి, పేరు గడిలో 'మొదటి పేరు తెలియదు' అని అర్థం వచ్చే FNU అని కొట్టమంది. ఆవిడ చెప్పింది అమెరికా వీసా ఫారం డీఎస్-160 సంగతి, అక్కడ అదే పద్ధతి. మావాడు చిన్నాన్న మాట పట్టుకున్నాడు. మన పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరు లేకపోయినా తీసుకుంటారు కాబట్టి పాస్‌పోర్ట్ ఇంటికొచ్చేసింది.

2022 డిసెంబరులో విజిట్ వీసా మీద దుబాయ్ బయల్దేరాడు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్ట్ తెరిచి, ఫొటో పక్కన ఇంటిపేరు వరస ఖాళీగా ఉంటే అక్కడ వేలు పెట్టి చూపించి, బోర్డింగ్ పాస్ ఇవ్వనంది. ఆ నవంబరు 21 నుంచి పాస్‌పోర్ట్‌లో ఒకే పేరున్నవాళ్లను విజిట్, టూరిస్ట్ వీసాల మీద రానివ్వబోమని యూఏఈ రూలు పెట్టింది. అక్కడ నివాస వీసా ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు, అందుకే చిన్నాన్న హాయిగా వచ్చి పోతున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, తన సంగతి చెప్పాడు. వీడు ఏ వీసా మీద వెళ్తాడని గ్రూపులో ఒక్కరూ అడగలేదు, అదీ నా బాధ. టికెట్ డబ్బులు పోయాయి, మళ్లీ 1500 రూపాయలు కట్టి ఇంటిపేరు చేర్చిన పాస్‌పోర్ట్ కోసం రీ-ఇష్యూకి పెట్టుకున్నాడు.

నెట్ సెంటర్ల వాళ్లూ ఇంతే. ఆధార్‌లో ఎలా ఉంటే అలా కొట్టేసి ప్రింటు చేతిలో పెడతారు గానీ, బాబూ ఎక్కడికి వెళ్తున్నావని అడిగేవాడు మా చుట్టుపక్కల నాకైతే కనపడలేదు.

కొత్తగా మన పాస్‌పోర్ట్‌కే పెడుతుంటే, గల్ఫ్ ఆలోచన ఏ కాస్త ఉన్నా ఆ గడి ఖాళీగా వదలకండి. పదో తరగతి సర్టిఫికెట్లోనో ఇంకెక్కడో మీ ఇంటిపేరు పూర్తిగా ఉందేమో ముందు చూసుకోండి. వీసా ఫారమైతే పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు అనే రెండు వరసల్లో ఏముందో దాన్నిబట్టే జవాబు. మొదటి పేజీలో ఉండే ఆ ఫారం పేరు, ఫారం నంబరు, ఏ దేశానిదో, ఏ రకం వీసానో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. పాస్‌పోర్ట్ ఫొటో మాత్రం పెట్టకండి, నంబరు అందరికీ కనిపిస్తుంది.