స్టెరాయిడ్ మాత్రలతో పెరిగిన బరువు: నీరెంత, కొవ్వెంత, డాక్టరుతో ఏం మాట్లాడాలి

ప్రశ్న: మా అమ్మకి 52 ఏళ్లు. కీళ్లవాతానికి ఆర్నెల్లుగా పొద్దున ప్రెడ్నిసొలోన్ 15 ఎంజీ, నిద్రకీ దిగులుకీ రాత్రి మిర్తజపిన్ 15 ఎంజీ వేసుకుంటోంది. 58 కిలోల మనిషి 66 అయింది. రెండు పూటలా అన్నం మానేసినా తగ్గట్లేదు. మేముండేది పర్లాకిమిడిలో, డాక్టరు విశాఖలో. మాత్రలు ఆపేస్తే తగ్గుతుందా?

జవాబు:

మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మూడు వారాలు దాటి ప్రెడ్నిసొలోన్ అనే ఈ స్టెరాయిడ్ వాడితే, అలాంటి హార్మోన్నే ఒంట్లో తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించేసుకుంటాయి. ఆర్నెల్ల తర్వాత ఒక్కసారిగా మానేస్తే అవి వెంటనే అందుకోలేవు. నీరసం, వాంతులు, కళ్లు తిరగడంతో మొదలై బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించడం అంటూ జరిగితే అది డాక్టరు రాసిన మెట్ల ప్రకారమే.

ఇక ఆ 8 కిలోలు. అందులో నీరు కొంత, కొవ్వు కొంత ఉంటాయి. రెండిటికీ మందు ఒకటి కాదు కాబట్టి ముందు వాటిని విడదీయాలి. సాయంత్రం అమ్మగారి మోకాలి కింద, ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే నీరు చేరినట్టే. మూడు నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అది కొవ్వు కాదు. రెండు కిలోల కొవ్వు చేరాలంటే తిండిలో సుమారు 15 వేల క్యాలరీలు మిగలాలి, నాలుగు రోజుల్లో అంత ఎవరూ తినలేరు. నీరయితే మొదట ఉప్పు చూడాలి. మనిషికి రోజుకు మొత్తం ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. మన వైపు అది కూరలోకంటే ఎండుచేప, ఊరగాయ, అప్పడాలు, వడియాల దగ్గరే దాటిపోతుంది. పఖాళ తింటే బరువు పెరుగుతారని అంటుంటారు. చద్దన్నానిది ఏ తప్పూ లేదు, పక్కన పెట్టుకునే ఎండుచేప ముక్కదే అసలు ఉప్పంతా. కాళ్లలో గుంట పడుతూ ఆయాసం కూడా ఉంటే ఉప్పు తగ్గించి చూద్దామని ఆగకండి, డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

కొవ్వు లెక్క వేరు. 8 కిలోల్లో 6 కిలోలు కొవ్వే అనుకుందాం. కిలో కొవ్వుకు సుమారు 7700 క్యాలరీలు, ఆరింటికి 46 వేలు, దాన్ని 180 రోజులకు పంచితే రోజుకు 250 చిల్లర. అంటే ఈ బరువంతా రోజుకు 250 క్యాలరీల మిగులు నుంచి వచ్చింది. అదెంతో చూడండి: ముఢీ అనే మరమరాలు 50 గ్రాములకు 190, దాని మీద చెంచా నూనె 45, గుప్పెడు మిక్చర్ 110. మొత్తం 345. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, మిర్తజపిన్‌తో రాత్రిపూట తినాలనిపిస్తుంది. అన్నం మానేసినవాళ్లకు ఆ ఆకలి పదకొండుకీ, ఐదుకీ, మళ్లీ రాత్రి పదికీ వస్తుంది, చేతికి అందేది ముఢీ, బిస్కెట్లు, చక్కెర టీలే. డైట్ చార్టులు రాసేటప్పుడు ఎక్కువగా కనపడే తప్పు ఇదే: కంచంలో అన్నం పోతుంది, దాని స్థానంలో లెక్కకు రాని తిండి వస్తుంది.

కాబట్టి అన్నం తిరిగి పెట్టండి, కొలిచి పెట్టండి. మధ్యాహ్నం, రాత్రి ఒక్కో పూటకు వండిన అన్నం 150 గ్రాములు, అంటే సుమారు 200 క్యాలరీలు. దాంతో గట్టి పప్పు ఒక కప్పు, అన్నం కంటే ఎక్కువగా కూర, మధ్యాహ్నం 100 గ్రాముల చేప. పొద్దున టిఫిన్‌తో రెండు గుడ్లు తప్పకుండా పెట్టండి, పదకొండింటి ఆకలిని ఆపేవి అవే. చోడి అంబలి మంచిదే, కానీ అందులో మాంసకృత్తులు తక్కువ, అది గుడ్డుకు బదులు కాదు. రోజు మొత్తం మీద మాంసకృత్తులు 60, 65 గ్రాములు అందాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఈ అంకె డాక్టరే చెప్పాలి. నూనె మనిషికి నెలకు అర లీటరు. సాయంత్రం ఆకలికి ఉడికించిన సెనగలు. మొదటి నెల బరువు ఆగితే చాలు, తర్వాత నెలకు ఒకటి రెండు కిలోలు. వారానికి రెండుసార్లు పొద్దున్నే, బాత్రూముకు వెళ్లొచ్చాక, పరగడుపున బరువు చూడండి, నెలకోసారి బొడ్డు దగ్గర నడుము కొలవండి. స్టెరాయిడ్ కొవ్వును ముఖానికి, మెడ వెనక్కి, పొట్టకు తెస్తుంది, తొడల కండను తగ్గిస్తుంది. అందుకే బరువు ఆగినా నడుము పెరుగుతుంటే లాభం లేదు. పీట మీద నుంచి చేయి ఆనించకుండా లేవలేకపోతుంటే కండ పోతోందని గుర్తు, అది కూడా డాక్టరుకు చెప్పాలి. కీలు వాచి వేడిగా లేని రోజుల్లో కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్లు చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు చేయించండి.

విశాఖ వెళ్లేటప్పుడు బరువు రాసిన కాగితం, వాడుతున్న అన్ని మాత్రల అట్టలూ పట్టుకెళ్లండి. మొదట అడగాల్సింది 15 ఎంజీ ఇంకెన్నాళ్లని. కీళ్లవాతానికి అసలు మందు మెథోట్రెక్సేట్ లాంటిది, స్టెరాయిడ్ అది పనిచేసేదాకా ఊతం. ఆ మందు మొదలుపెట్టారా, దాని మోతాదు పెంచవచ్చా అని అడగండి. (అది వారానికి ఒక్క రోజే వేసుకునేది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం.) తగ్గించే మెట్లు తేదీలతో సహా కాగితం మీద రాయించుకోండి. షుగరు పరగడుపున బాగుంటే సరిపోదు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ మధ్యాహ్నం తర్వాతే షుగరు పెంచుతుంది, కాబట్టి మధ్యాహ్న భోజనం అయిన రెండు గంటలకు చేయించాలి. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి ఇచ్చారో లేదో కూడా అడగండి.

మిర్తజపిన్ రాసినవారితో వేరుగా మాట్లాడాలి. బరువు పెంచేవాటిలో ఇది, అమిట్రిప్టిలిన్, పారొక్సెటిన్ ముందుంటాయి. సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్‌లతో పెరుగుదల తక్కువ. కానీ నిద్రకు మిర్తజపిన్ బాగా పనిచేస్తుంటే మార్చడం వల్ల నిద్ర చెడిపోవచ్చు, ఆ బేరం డాక్టరుతోనే తేల్చుకోవాలి. మార్చినా మెల్లగానే.

మరొక మాట. నొప్పులకని సంతలోనో, ఊరి వైద్యుడి దగ్గరో పేరు లేని పొడి, మాత్రలు తెచ్చుకుంటున్నారేమో అమ్మగారిని మెత్తగా అడగండి. అలాంటివాటిలో డెక్సామెథసోన్ కలిసి ఉండటం కొత్త కాదు. అది 0.75 ఎంజీ అంటే ప్రెడ్నిసొలోన్ 5 ఎంజీతో సమానం. అప్పుడు డాక్టరు 15 అనుకుంటారు, ఒంట్లోకి పోయేది 20 ఉంటుంది. మందుల షాపులో అట్ట మీద 5 ఉందో 10 ఉందో ప్రతిసారీ చూడండి. ఇంట్లో కనీసం రెండు వారాల మాత్రలు ఉంచండి. ఉపవాసం రోజున కూడా మాత్ర మానకూడదు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే విశాఖ దాకా ఆగకుండా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి, ఆర్నెల్లుగా స్టెరాయిడ్ వాడుతున్నారని ముందే చెప్పండి, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.