బిట్‌కాయిన్ సీఎంఈ గ్యాప్ నిండుతుందని షార్ట్ కొట్టొచ్చా?

"కింద గ్యాప్ ఉంది, నిండక తప్పదంటున్నారు, షార్ట్ చేసి కూర్చోనా?"

వద్దండీ. 2024 నవంబరులో ఒక శుక్రవారం షికాగో ఎక్స్ఛేంజ్ సీఎంఈలో బిట్‌కాయిన్ ఫ్యూచర్స్ దాదాపు 78,000 డాలర్ల దగ్గర ముగిశాయి, వారాంతంలో సీఎంఈ మూసినా అసలు బిట్‌కాయిన్ ఆగదు కాబట్టి ఆదివారం 80,000 పైన తెరుచుకున్నాయి. ఈ మధ్య ఖాళీయే గ్యాప్, ధర మళ్లీ అక్కడికి దిగితే నిండినట్టు. ఆ గ్యాప్ నిండింది, కాకపోతే 2025 మార్చిలో! ఈలోగా ధర లక్ష దాటింది, ఒక కాంట్రాక్టు అంటే 5 బిట్‌కాయిన్లు, అంటే 80,000 దగ్గర షార్ట్ కొట్టినవాళ్లకి లక్ష డాలర్ల నష్టం, మార్జిన్ కాల్ అంతకు ముందే వచ్చేస్తుంది.

చిన్న గ్యాప్‌లు త్వరగా నిండేది ధర ఎలాగూ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టే, అందులో అయస్కాంతమేమీ లేదు. 2020 జులైలో 9,700 దగ్గర మిగిలినదైతే ఏళ్లు గడిచినా పూర్తిగా నిండలేదు. షార్ట్‌కి వేరే కారణం ఉంటేనే వెళ్లండి, స్టాప్‌లాస్ ముందే పెట్టుకుని.