శమథ, విపశ్యన: కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బౌద్ధ ధ్యానంలో శమథ, విపశ్యన అని రెండున్నాయట. రెండింటికీ తేడా ఏమిటి? ఇంతవరకు ఎప్పుడూ ధ్యానానికి కూర్చోని నాలాంటివాడు దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: శమథతో, అంటే శ్వాసతో మొదలుపెట్టండి. మాది హనుమకొండ. తెల్లవారుజామున నేను కూర్చునే వేళకు కాజీపేట వైపు నుంచి రైలు కూత వినబడుతూ ఉంటుంది. శమథలో ఆ కూత జోలికి వెళ్లకుండా మళ్లీ శ్వాస దగ్గరికి వస్తాను. విపశ్యనలో ఆ కూతే నాకు పని: మొదలైంది, సాగింది, ఆగింది, దాని వెంట వచ్చిన చిరాకు కూడా వచ్చి పోయింది. శమథ వల్ల చిత్తం కుదురుకుని రాగం తగ్గుతుందని, విపశ్యన వల్ల ప్రజ్ఞ పెరిగి అవిద్య పోతుందని బుద్ధుడి బోధల సంపుటాల్లో ఒకటైన అంగుత్తర నికాయ చెబుతుంది.

దుప్పటి మడతపెట్టి, మోకాళ్ల కంటే నడుము కాస్త ఎత్తుగా ఉండేలా కూర్చోండి. మొదట్లో పావుగంట చాలు. ముక్కుపుటాల అంచున గాలి తాకే చోట ధ్యాస పెట్టి, ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె లెక్కించండి. లెక్క ఐదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు అని ప్రాచీన బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన గ్రంథం విశుద్ధిమార్గంలో రాశాడు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి. ఊపిరిని సాగదీయవద్దు, బిగబట్టవద్దు. ఇది ప్రాణాయామం కాదు. మన దగ్గర చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

కొత్తవారు నిద్రమత్తును ప్రశాంతత అనుకుంటారు. హాయిగా ఉంది, కానీ అంకె ఎక్కడ పోయిందో తెలియదు, గడ్డం ఛాతీ మీదికి వాలింది అంటే అది మత్తే. మనసు నిజంగా కుదిరితే శ్వాస సన్నబడినా స్పష్టంగానే తెలుస్తుంది. కునికిపాట్లు పడుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన ఉపాయాల్లో చెవులు లాగుకోవడం, కళ్లు నీళ్లతో కడుక్కోవడం, లేచి నడవడం కూడా ఉన్నాయి. నాకు మాత్రం నడకే పనిచేస్తుంది.

కొన్ని వారాలకు లెక్క పెద్దగా తప్పకుండా సాగుతుంటే, చివరి ఐదు నిమిషాలు విపశ్యనకు ఇవ్వండి. మోకాలి నొప్పి దీనికి బాగా పనికొస్తుంది. ‘నొప్పి’ అన్న మాట పక్కన పెట్టి దగ్గరగా చూస్తే అందులో మంట ఒకచోట, లాగుడు మరోచోట కనబడతాయి. కాసేపటికి చోటు మారుతుంది, తీవ్రత మారుతుంది. ‘ఇదెప్పుడు తగ్గుతుంది’ అన్న విసుగు వేరు. అది మోకాలిలో లేదు, మనసులో ఉంది. ఆ రెండూ విడివిడిగా కనబడడమే విపశ్యనలో తొలిమెట్టు. భరించలేకపోతే కాలు కదపండి, కానీ కదపాలన్న కోరికను ముందుగా గమనించి, నెమ్మదిగా కదపండి. లేచిన తర్వాత కూడా నొప్పి చాలాసేపు వదలకపోతే అది ధ్యానానికి పనికొచ్చే నొప్పి కాదు, కుర్చీలో కూర్చోండి.

అన్ని సంప్రదాయాలూ ఇదే వరుస పాటించవు. బర్మాకు చెందిన మహాసీ పద్ధతిలో పొట్ట పైకి లేవడం, లోపలికి పోవడం గమనిస్తూ నేరుగా విపశ్యనలోకి వెళతారు. విపశ్యన గురువు గోయెంకా పద్ధతిలో జరిగే పది రోజుల శిబిరాల్లో మొదటి మూడు రోజులు ఆనాపానమే, అంటే శ్వాసను గమనించడమే, నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. హైదరాబాదులో వారి కేంద్రం ఉంది, ఫీజు తీసుకోరు. మానసిక సమస్యకు మందులు వాడుతున్నవారు మాత్రం అలాంటి శిబిరానికి పేరు ఇచ్చే ముందు తమ డాక్టరును అడగాలి, దరఖాస్తులోనూ ఆ సంగతి దాచకుండా రాయాలి.