చేపల పులుసుకి మంట ఎప్పుడు ఎంత పెట్టాలి?

“కొత్తగా వంట మొదలుపెట్టాను. గ్యాస్ మంట ఎప్పుడు హైలో, ఎప్పుడు మీడియంలో, ఎప్పుడు సిమ్‌లో పెట్టాలో అర్థం కావడం లేదు. మొన్న చేపల పులుసు చేస్తే తాళింపు చేదెక్కింది, ముక్కలన్నీ చెదిరిపోయాయి. ఎక్కడ తప్పు చేశాను?”

మాది నెల్లూరు జిల్లా కావలి. మీరు పులుసు గురించి అడిగారు కాబట్టి దాంతోనే చెప్తాను. ఆ ఒక్క కూరలోనే మూడు మంటలూ వస్తాయి.

ముందు నాబ్ సంగతి. మన స్టౌలలో ఎక్కువ వాటికి నాబ్ నొక్కి తిప్పగానే ముందు వచ్చేది ఫుల్ మంటే. ఇంకా తిప్పుకుంటూ పోతే తగ్గుతుంది, సిమ్ చివర్లో వస్తుంది. కొత్తవాళ్లు ‘కొంచెమే తిప్పాను, చిన్న మంటే కదా’ అనుకుంటారు. అందుకే నాబ్‌ని నమ్మకుండా వంగి మంటనే చూడండి. సిమ్‌లో బర్నర్ చుట్టూ చిన్న చిన్న నీలం మొగ్గల్లా ఉంటుంది. మీడియంలో మంట కొనలు గిన్నె అడుగుని తాకుతాయి. హైలో అడుగంతా పరుచుకుంటుంది. హై పెట్టినా సరే, మంట అంచు దాటి పక్కల నుంచి పైకి లేవకూడదు. లేచిందంటే ఆ గ్యాస్ వంటకి పనికిరాదు, పైగా పిడి కాలిపోతుంది. చిన్న గిన్నె చిన్న బర్నర్ మీదే పెట్టండి.

ఇక అరకిలో చేపలకి నేను చేసే పద్ధతి. మట్టి చట్టి అయితే మొదట మూడు నాలుగు నిమిషాలు సిమ్‌లోనే వేడెక్కాలి. పెళ్లయిన ఏడాది నేను ఉత్త చట్టిని ఫుల్ మంట మీద పెట్టి, ఎర్రగా కాలాక చల్లటి పులుసు పోశాను. టక్‌మని అడుగు చీలిపోయి పులుసంతా స్టౌ మీదకి కారింది. మట్టికి వేడి నెమ్మదిగా ఎక్కాలి. ఒక్కసారిగా వేడీ చల్లదనం తగిలితే ఓర్చుకోలేదు.

చట్టి వేడెక్కాక నూనె పోసి మీడియం చేయండి. ఒక ఆవగింజ వేసి చూడండి, చిటపటమంటే నూనె కాగినట్టు. మిగతా ఆవాలు వేసి అవి చిటపటలాడాక సిమ్ చేసి, అప్పుడు మెంతులు వేయండి. మీ తాళింపు చేదెక్కింది బహుశా ఇక్కడే. మెంతులు ఎర్రబడితే కమ్మటి వాసన వస్తుంది, నల్లబడితే పులుసంతా చేదే. పెద్ద మంట మీద ఎరుపు నుంచి నలుపుకి క్షణాల్లో పోతాయి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు మీడియంలో మగ్గనివ్వండి. కారం, ధనియాల పొడి వేసేటప్పుడు మళ్లీ సిమ్. అర నిమిషం చాలు, లేకపోతే కారం మాడి ఘాటుకి దగ్గొస్తుంది.

ఇప్పుడు పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు. చట్టిలో అయితే పులుసుని గోరువెచ్చగా చేసి పోయండి. హై మంట అవసరమయ్యేది ఈ ఒక్క చోటే. పచ్చి వాసన పోయి, పులుసు చిక్కబడి, అంచుల్లో నూనె తేలేదాకా తెర్లనివ్వాలి. నాకు సుమారు పది నిమిషాలు పడుతుంది. చేప వేశాక ఇలా మరిగించలేం కాబట్టి, పులుసు ఉడకాల్సిందంతా ముందే ఉడకాలి.

చేప ముక్కలు వేయగానే పొంగు ఆగిపోతుంది. మీడియంలో పెడితే రెండు మూడు నిమిషాల్లో మళ్లీ కదులుతుంది. వెంటనే సిమ్ చేసి ఎనిమిది, పది నిమిషాలు ఉంచండి. మంట తగ్గిస్తే ముక్క ఉడకదని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. పులుసు ఒకసారి మరగడం మొదలయ్యాక మంట పెంచినా దాని వేడి పెరగదు, నీళ్లు తొందరగా ఆవిరవుతాయంతే. పైగా పెద్ద బుడగలు ముక్కల్ని ఒకదానికొకటి కొట్టి విరగ్గొడతాయి. మీ ముక్కలు చెదిరింది అందుకే అయ్యుండాలి. గరిటె కూడా పెట్టకండి, గుడ్డతో చట్టి పట్టుకుని మెల్లగా తిప్పండి. మా అత్తయ్య పుల్లమామిడి ముక్కల్ని చేపతో పాటే వేసేది. స్టౌ కట్టేశాక కూడా చట్టిలో కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. అందుకని ముక్క ఉడికీ ఉడకగానే ఆపేయండి.

అన్నానికీ, పప్పు కుక్కర్‌కీ ఇదే లెక్క. ఎసరు కాగేదాకా హై, బియ్యం పొంగాక తగ్గించాలి. కుక్కర్ మొదటి విజిల్ వచ్చాక సిమ్ చేస్తే చాలు, అప్పటికే లోపల కావలసిన ప్రెషర్ ఉంటుంది. పాలు మాత్రం మొదటి నుంచీ మీడియమే.

సిమ్‌లో పెట్టి పక్క గదిలోకి పోవద్దు. కిటికీ గాలికో, పులుసు పొంగి కారో చిన్న మంట ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది. వాసన వస్తే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా నాబ్, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీయండి. పులుసు కారిన మర్నాడు మంట పసుపు రంగులోకి మారి గిన్నె అడుగు నల్లబడితే, బర్నర్ రంధ్రాల్లో చింతపండు పట్టిందేమో చూడండి. చల్లారాక బర్నర్ తీసి, పిన్నుతో పొడిచి, కడిగి, పూర్తిగా ఆరాక పెడితే మళ్లీ నీలం మంట వస్తుంది.